ఫోటోలో తొడిగిన కుర్తా: చేతుల పొడవు ఎందుకు తప్పుతుంది

(హనుమకొండలో దర్జీలు, బొటిక్ నడిపేవాళ్లు, బట్టల షాపులవాళ్ల ముందు చేసిన ప్రసంగం. రానివాళ్ల కోసం రికార్డింగ్ విని ఎత్తిరాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి. స్క్రీన్ మీద చేయి దగ్గర కుట్టు చూపించాల్సి వస్తది, అంత దూరం నుంచి కనబడదు.

ఏఐ యాప్‌కు కస్టమర్ ఫోటో ఒకటి, మన షాపులోని కుర్తా ఫోటో ఒకటి ఇస్తే, ఆ కస్టమర్ ఆ కుర్తా తొడుక్కున్నట్టు బొమ్మ వస్తది. ఇది మీలో చానామంది చూసే ఉంటరు. వాట్సాప్‌లో కస్టమర్లకు పంపుతున్నవాళ్లు కూడా ఉన్నరు, నాకు తెలుసు. కాబట్టి అదేందో మొదటి నుంచి చెప్పను. ఈరోజు ఒక్క సంగతే మాట్లాడతా. చేతుల పొడవు. ఎల్బో చేతుల కుర్తా పెడితే ఫోటోలో మణికట్టు దాకా చేతులు ఎందుకొస్తున్నయి? ఫుల్ చేతులది పెడితే మోచేయి కాడనే ఎందుకు ఆగిపోతున్నది? ఇది అర్థమైతే బట్ట జారు, ఒంటి ఆకారం, వాటి తిప్పలు కూడా సగం అర్థమైనట్టే.

ముందు బొమ్మ చూద్దాం. ఎడమ పక్కన ఉన్నది కస్టమర్ ఫోటో. పసుపు రంగు చుడీదార్ టాప్, ఫుల్ చేతులు. మధ్యలో ఉన్నది కుర్తా, ఇక్కత్, ఎల్బో చేతులు, చేతి కొసకు ఎర్ర అంచు. కుడి పక్కన వచ్చిన ఫలితం. మొహం బాగుంది, రంగు బాగుంది, మెడ బాగుంది. చేతులు చూడండి. మణికట్టు దాకా వచ్చేసినయి. మన దగ్గర అసలు లేని కుర్తా అది! దీన్ని చూసి ఆ అమ్మ ఆర్డర్ పెడితే, పార్సిల్ విప్పినప్పుడు ఏమంటది? 'ఫోటోలో ఒకటి, పంపింది ఒకటి' అంటది. తప్పు ఆమెదా?

సరే, ఇది ఎందుకు జరిగింది? లోపల నాలుగు పనులు జరుగుతయి, వరసగా చెప్తా.

మొదటి పని, మనిషి ఎట్ల నిలబడ్డదో కనుక్కోవడం. భుజం ఎక్కడ, మోచేయి ఎక్కడ, మణికట్టు ఎక్కడ, నడుం ఎక్కడ అని చుక్కలు పెడతది. ఓపెన్‌పోజ్ అనే పద్ధతి ఇందుకు బాగా వాడుకలో ఉంది. రెండో పని, ఫోటోను ముక్కలుగా పేరు పెట్టడం. ఇది జుట్టు, ఇది మొహం, ఇది పైబట్ట, ఇది ఎడమ చేయి, ఇది కుడి చేయి. దీన్ని పార్సింగ్ అంటరు. మూడో పని, పాత బట్ట ఉన్న చోటును బూడిద రంగుతో కప్పేయడం. దీన్ని మాస్క్ అంటరు. నాలుగో పని, ఆ కప్పిన చోట్లో కొత్త కుర్తాను నింపడం.

ఇందులో కష్టమైన పని ఏదనుకుంటున్నరు? అందరూ నాలుగోది అంటరు. నిజమే, లెక్కంతా అక్కడే ఎక్కువ. కానీ చేతుల పొడవు పాడయ్యేది నాలుగో పనిలో కాదు, మూడో పనిలో. మాస్క్ దగ్గర.

జాగ్రత్తగా వినండి, ఇదే అసలు కీలకం. ఈ యంత్రానికి చదువు ఎట్ల చెప్తరు? మామూలుగా ఆలోచిస్తే, ఒకే మనిషి, ఒకే నిలబడిక, పది రకాల బట్టలు, ఇట్లాంటి ఫోటోలు కావాలె. అవి ఎక్కడ దొరుకుతయి? వేలకొద్దీ ఫోటోల్లో ఒక్క వెంట్రుక కదలకుండా బట్ట మాత్రం మార్చుకుని ఎవరు నిలబడతరు? దొరకవు. దొరికేది ఏందంటే, ఆన్‌లైన్ షాపుల్లో ఒక మోడల్ ఒక టాప్ వేసుకున్న ఫోటో, పక్కన అదే టాప్‌ను విడిగా పరిచి తీసిన ఫోటో. ఈ జతలతోనే చదువు చెప్పిన్రు. 2017 చివర్లో విటాన్ అనే పరిశోధన వచ్చింది, ఈ దారిలో అదొక మొదటి మైలురాయి. దాంట్లో సుమారు పదహారు వేల జతలు, అన్నీ ఆడవాళ్లు, అన్నీ ఎదురుగా తీసిన ఫోటోలు, అన్నీ పై టాపులు. 2021లో విటాన్-హెచ్‌డీ వచ్చింది, దాంట్లోనూ అదే పద్ధతి, ఫోటో మాత్రం పెద్దది.

మరి ఆ జతతో పాఠం ఎట్ల? మోడల్ ఒంటి మీద టాప్‌ను కప్పేస్తరు. విడిగా ఉన్న టాప్ ఫోటో ఇస్తరు. 'కప్పిన చోట దీన్ని తిరిగి పెట్టు' అంటరు. పెట్టిందాన్ని అసలు ఫోటోతో పోల్చి దిద్దుతరు. లక్షల సార్లు ఇదే పని.

ఇందులో మెలిక ఎక్కడుందో చూసిన్రా? పాఠం చెప్పేటప్పుడు కప్పిన చోటు, పెట్టాల్సిన బట్ట, రెండూ ఒక్కటే! హాఫ్ చేతుల టాప్ తీసేస్తే హాఫ్ చేతుల ఆకారంలోనే ఖాళీ మిగులుతది. అందులోకి హాఫ్ చేతుల టాపే పోతది. ఎప్పుడూ సరిపోతది. ఏండ్ల తరబడి గోడకున్న ఫోటో తీసేస్తే దాని సైజు మచ్చ మిగులుతది కదా, అట్ల. ఆ మచ్చను చూసి ఎంత ఫోటో ఉండెనో ఎవరైనా చెప్తరు. యంత్రం కూడా అదే నేర్చుకున్నది. కుర్తా ఫోటోలో చేయి ఎంత పొడుగుందో చూడాల్సిన పని దానికి పడలేదు. ఖాళీ ఎంతుంటే అంత నింపితే మార్కులు వచ్చినయి.

ఇప్పుడు మన పసుపు టాప్ అమ్మ దగ్గరికి రండి. ఆమె ఫుల్ చేతులు వేసుకున్నది. ఖాళీ మణికట్టు దాకా ఉంది. యంత్రానికి చేతిలో ఎల్బో కుర్తా ఉంది, ముందర ఫుల్ చేతుల ఖాళీ ఉంది. అది దేన్ని నమ్ముతది? ఖాళీనే నమ్ముతది. నింపేస్తది. అంతే సంగతి.

ఇది పరిశోధకులకు తెలియదా అంటే, మొదటి రోజు నుంచే తెలుసు. విటాన్ వాళ్లు ఏం చేసిన్రో చెప్తా, ముచ్చటగా ఉంటది. మనిషి ఒంటి ఆకారాన్ని అట్లనే ఇయ్యకుండా, అడ్డం 12, నిలువు 16 గళ్లంత చిన్నగా కుదించి, మళ్లీ పెద్దగా చేసి ఇచ్చిన్రు. అంటే కావాలనే మసక చేసిన్రు. మనిషి సన్నమా లావా అనేది తెలుస్తది, పాత బట్ట అంచు ఎక్కడ ఆగిందో తెలవదు. తెలివైన ఉపాయమే. కానీ చేయి సన్నని భాగం గదా, అంత మసకలో చేయి ఎటు ఒంగిందో కూడా పోతది. 2021లో విటాన్-హెచ్‌డీ వాళ్లు ఇంకో దారి పట్టిన్రు. పాత బట్టతో పాటు చేతులు కూడా మొత్తం కప్పేద్దాం, చేయి ఎటుందో చుక్కలు చెప్తయి కదా అన్నరు. అరచేతులు, వేళ్లు మాత్రం ఉంచిన్రు. వేళ్లను మళ్లీ గీయమంటే యంత్రం ఆరు వేళ్లు పెడతది, నాలుగు పెడతది. అందుకని వాటిని ముట్టుకోలేదు.

చేతులు మొత్తం కప్పితే చేతుల పొడవు సరిపోతది. దాని ఖర్చు దానికుంది. స్క్రీన్ మీద రెండో ఫలితం చూడండి. అదే అమ్మ, అదే కుర్తా, ఈసారి మాస్క్‌ను చేతుల చుట్టూ వెడల్పుగా వేసినం. ఎల్బో చేతులు ఎల్బో దగ్గరే ఆగినయి, ఎర్ర అంచు కనబడ్తున్నది. కానీ మోచేయి కింద ఉన్న చర్మం ఎక్కడిది? అసలు ఫోటోలో అది బట్ట కింద ఉండె. కెమెరా చూడలేదు. యంత్రం కల్పించింది. మొహం రంగు చూసి, అరచేయి రంగు చూసి అంటించింది. ఇంకోటి, ఆమె మణికట్టుకు గాజులున్నయి కదా. సగం గాజులు మాస్క్ కిందికి పోయినయి, సగం మిగిలినయి. చూడండి, గాజు సగంలో తెగి చర్మంలో కలిసిపోయింది. పెండ్లి కస్టమర్ అయితే ఇంకా తమాషా ఉంటది. అరచేతి గోరింటాకు అట్లనే ఉంటది, మోచేయి దాకా ఉన్న గోరింటాకు మాయమైతది. ఇది చూసి ఎవరూ ఎక్కువ బాధపడరు, బట్ట సరిగ్గా కనబడితే చాలు అంటరు. కానీ పుట్టుమచ్చో కాలిన మచ్చో మాయం చేసి పంపితే, 'నా చేయి కాదిది' అనేవాళ్లు ఉంటరు. ముందే చెప్పి పంపడం మంచిది.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. కస్టమర్ హాఫ్ చేతులు వేసుకున్నది, కుర్తా ఫుల్ చేతులది. మాస్క్ పాత బట్ట అంచు వెంబడి బిగుతుగా వేస్తే, కొత్త కుర్తా మోచేయి పైననే ఆగిపోతది. అక్కడి నుంచి కింద ఆమె అసలు చేయి కనబడ్తది. దీన్ని గుర్తుపట్టడం చాలా సులువు. ఎట్లనో చెప్పండి ఎవరైనా? ఆ... అక్క చెప్పింది. అంచు లేదు! కుర్తా చేతి కొసకు అంచో, మడతో, కుట్టు గీతో ఉండాలె. ఇక్కడ బట్ట ఉన్నపళంగా తెగిపోయింది. కత్తిరించి కుట్టకుండా వదిలేసినట్టు. దర్జీ కంటికి అది వెంటనే తెలుస్తది, మామూలు కస్టమర్‌కు తెలవదు.

సాగిపోయిన చేతులను పట్టుకోవడం కొంచెం కష్టం, ఎందుకంటే అక్కడ అంచు కూడా మణికట్టు దాకా నడిచి పోయి ఉంటది. అప్పుడు డిజైన్ వరసలు లెక్కపెట్టండి. కుర్తా ఫోటోలో భుజం కుట్టు నుంచి చేతి అంచు దాకా ఆరు వరసలు ఉన్నయనుకోండి. ఫలితంలో పది ఉంటే యంత్రం నాలుగు వరసలు నేసింది. ఆరే ఉండి, వరసకు వరసకు దూరం ఛాతీ మీద కంటే చేతి మీద ఎక్కువుంటే, సాగదీసింది. ఇక్కత్ అయినా, చారలైనా, బుటీ అయినా ఇది పనిచేస్తది. సాదా బట్టకు పనిచేయదు.

సాదా బట్టకు కొలత లెక్క ఉంది. ఇది దర్జీ అన్నలకు చాలా తేలిక. ఫోటోలో భుజం ఎముక నుంచి మణికట్టు దాకా ఎన్ని పిక్సెల్స్ ఉన్నయో ఫోన్‌లోనే చూడొచ్చు, ఫోటో ఎడిట్ చేసే యాప్‌లో స్కేల్ ఉంటది. ఈ అమ్మ ఫోటోలో 440 వచ్చింది. ఆమె చేయి టేపుతో కొలిస్తే 22 ఇంచులు. అంటే ఒక ఇంచుకు 20 పిక్సెల్స్. కుర్తా చేయి పొడవు 11 ఇంచులు. 11ను 20తో గుణిస్తే 220. భుజం నుంచి 220 పిక్సెల్స్ కిందికి పోయేసరికి చేయి అంచు రావాలె. ఆమె మోచేయి 13 ఇంచుల దగ్గర, అంటే 260 దగ్గర ఉంది. కాబట్టి అంచు మోచేయికి రెండు ఇంచుల పైన కనబడాలె. కనబడిందా, సరే. మోచేయి దాటి కింద ఉందా, బొమ్మ తప్పు.

ఆగండి, ఆ అన్న చేయి లేపిండు. అన్నా, మీరడగబోయేది నాకు తెలుసు. 11 ఇంచులు ఎక్కడి నుంచి? భుజం ఎముక నుంచి కాదు, కుట్టు నుంచి. అవును, అక్కడే చానామంది తప్పుతరు. మామూలు కుర్తాకు కుట్టు భుజం ఎముక మీదనే కూర్చుంటది, లెక్క సరిపోతది. ఇప్పుడు పిల్లలు వేసుకునే డ్రాప్ షోల్డర్‌కు కుట్టు రెండు ఇంచులు కిందికి జారి ఉంటది. అదే 11 ఇంచుల చేయి 13 దాకా పోతది, అంటే సరిగ్గా మోచేయి మీదికి. కాబట్టి డ్రాప్ షోల్డర్‌కు బొమ్మలో అంచు మోచేయి దగ్గరుంటే అది తప్పు కాదు. మరి యంత్రం డ్రాప్ షోల్డర్‌ను గుర్తుపడ్తదా? చానాసార్లు పట్టదు. కుట్టును ఎత్తుకొచ్చి భుజం ఎముక మీద కూర్చోబెడ్తది, ఎందుకంటే అది చూసిన టాపుల్లో ఎక్కువ అట్లనే ఉన్నయి.

ఇంకో జాగ్రత్త. ఈ లెక్క చేయి పక్కకు నిటారుగా ఉన్నప్పుడే. నడుం మీద చేయి పెట్టుకుని మోచేయి కెమెరా వైపు వస్తే ఫోటోలో చేయి పొట్టిగా కనబడ్తది. అప్పుడు ఇంచుకు 20 అనే లెక్క చెల్లదు.

ఇగ బట్ట జారు సంగతికి వద్దాం. బట్ట ఒంటి మీద ఎట్ల పడ్తది, ఎక్కడ ముడత, ఎక్కడ జోలు. గంజి పెట్టిన నూలు కుర్తా ఒంటికి దూరంగా నిలబడ్తది, కింద అంచు బిర్రుగా ఉంటది. అదే కట్‌లో జార్జెట్ కుడితే ఒంటికి అంటుకుని జారుతది. పరిచి తీసిన ఫోటోలో ఈ తేడా ఎక్కడుంది? బరువు ఫోటోలో పడదు. గంజి ఫోటోలో పడదు. బట్ట బరువు లెక్కగట్టి, ఇట్ల పడాలె అని తేల్చే పద్ధతులు వేరే ఉన్నయి, త్రీడీవి. అవి బట్ట బరువు, వంపు, సాగుడు కొలిచి ఇస్తేనే పనిచేస్తయి. మనం మాట్లాడుకునే ఫోటో పద్ధతి అదేం చేయదు. బట్ట మెరుపు చూసి, తాను చూసిన ఫోటోల్లో ఇట్ల మెరిసేవి ఎట్ల పడ్డయో గుర్తుచేసుకుని ముడతలు గీస్తది. ఊహ అది. చానాసార్లు నమ్మేటట్టే ఉంటది, అదే ప్రమాదం.

మొదట్లో వచ్చిన పద్ధతుల్లో ఊహ కూడా లేదు. కుర్తా ఫోటోను రబ్బరు లెక్క సాగదీసి ఒంటి మీద అతికేవాళ్లు. 2018లో వచ్చిన సీపీ-వీటీఓఎన్ అనే పద్ధతి కుర్తా మీద అడ్డం అయిదు, నిలువు అయిదు చుక్కలు పెట్టి, ఆ చుక్కలను లాగి వంచేది. సాగుతది, వంగుతది. కానీ మడత పడదు, ఒక పొర మీద ఇంకో పొర రాదు. చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ పద్ధతి తొడగలేదు. ఇప్పటి డిఫ్యూజన్ పద్ధతులు సాగదీయకుండా, మాస్క్‌లోని ఒక్కో చోటికి కుర్తా ఫోటోలో ఏ చోటు సరిపోతదో వెతుక్కుని కొత్తగా గీస్తయి. 2023లో గూగుల్ వాళ్లు చూపించిన ట్రైఆన్‌డిఫ్యూజన్ ఆ దారిలోదే. దాంతోటి మడతలు, ముడతలు మస్తుగా కుదిరినయి.

కుదిరినయి, కానీ నిజంగా మడత పడిందా, లేక మడత రంగు పూసిందా అనేది ఎట్ల తెలుసుకోవాలె? చారను వెంబడించండి. ముడత దగ్గర చార వంగాలె, లోపలికి పోయి కొంచెం జరిగి బయటికి రావాలె. ముడత నీడ ఉండి కూడా చార దాని మీది నుంచి గీత గీసినట్టు నిటారుగా పోతే, అది నీడ పూసిన బొమ్మ. ఇక్కత్‌లో ఇంకా బాగా దొరుకుతది, ఎందుకంటే ఇక్కత్ అంచులు సహజంగానే కొంచెం చెదిరి ఉంటయి. రంగు వేసిన నూలు నేతలో అటూ ఇటూ జరుగుతది కదా. యంత్రం ఆ చెదురును మరకనుకుని శుభ్రం చేస్తది. నిక్కచ్చి అంచులు వచ్చినయంటే, మీ ఇక్కత్‌ను ప్రింట్ చేసిందన్నట్టు. నేసిన బట్టకు నేసిన ధర పెట్టి, ఫోటోలో ప్రింట్ చూపిస్తే కొనేవాళ్లు అడగరా?

చిన్న డిజైన్లది వేరే బాధ. ఇప్పుడు వాడుకలో ఉన్న చానా పద్ధతులు ఫోటోను ముందు కుదించి, ఆ కుదించిన దాంట్లో పనిచేసి, చివర పెద్దగా చేస్తయి. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది పిక్సెల్స్ కలిసి ఒక గడి అయితది. ఇందాక ఒక ఇంచుకు 20 పిక్సెల్స్ అన్నం కదా. సిద్దిపేట గొల్లభామ నేత బ్లౌజ్ మీద చిన్నగా పెట్టిన్రు అనుకుందాం. ఆమె నెత్తి మీద కుండ పావు ఇంచు ఉంటే అయిదు పిక్సెల్స్. ఒక గడి కంటే చిన్నది. కుండ పోతది. గొల్లభామ నెత్తి మీద ఏదో ముద్ద ఉంటది. దగ్గరగా తీసిన ఫోటో ఇయ్యండి, ఛాతీ నుంచి పైకి. అప్పుడు ఇంచుకు పిక్సెల్స్ పెరుగుతయి, కుండ మిగులుతది.

ఒంటి ఆకారం గురించి రెండు మాటలు చెప్తా. ఇక్కడ చానామంది మోసపోతరు కాబట్టి చెప్పాలె. ఆ బొమ్మలో సైజు ఉండదు. మళ్లీ చెప్తా, సైజు ఉండదు. కస్టమర్ ఛాతీ 42 ఇంచులు, కుర్తా తయారైంది 38కి. బొమ్మ అడిగితే నవ్వుకుంటూ తొడిగి చూపిస్తది. ఎక్కడా బిగుసుకోదు. నిజంగా తొడిగితే ఏమైతది? సంకల కింద నుంచి ఛాతీ మీదికి అడ్డం గీతలు లాగుతయి, ముందు గుండీల మధ్య నోరు తెరుస్తది, వెనక కుర్తా పైకి ఎక్కుతది. బొమ్మలో ఇవేవీ రావు. కుర్తా ఫోటోలో అది ఎంత సైజుదో రాసి లేదు, రాసినా చదవదు. సైజును లెక్కలోకి తీసుకునే పరిశోధనలు ఉన్నయి గానీ, వాటికి ఇంచుల కొలతలు ఇయ్యాలె, ఉత్త ఫోటో చాలదు. కాబట్టి 'నాకు సరిపోయింది కదా, ఫోటోలో చూసిన' అని ఎవరన్నా అంటే, ఆ మాటకు ఆధారం లేదు.

మాస్క్ ఇక్కడ కూడా వేలు పెడ్తది. చేతుల కోసం మాస్క్‌ను వెడల్పు చేసినం గుర్తుందా? చేతులకు ఒంటికి మధ్య ఉన్న సందు కూడా మాస్క్‌లోకి పోయింది. యంత్రం ఆ సందును కూడా బట్టతో నింపితే నడుం లావైతది. ఇంకోవైపు, చదువుకున్న ఫోటోల్లో ఎక్కువ సన్నటి మోడల్స్ కాబట్టి, లావు మనిషిని అడక్కుండానే సన్నం చేయడం కూడా జరుగుతది. రెండూ చూసిన నేను. దీనికి పరీక్ష సులువు. అసలు ఫోటో, వచ్చిన బొమ్మ, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చి మార్చి చూడండి. మెడ, భుజాల వెడల్పు, పిరుదుల కాడ వెడల్పు కదలొద్దు. ఎ-లైన్ కుర్తా కింద ఘేరు పెరిగితే పెరగొచ్చు, భుజం మాత్రం పెరగొద్దు.

మరి షాపుల ఏం చేయాలె? కస్టమర్ ఫోటో మీ చేతిలో ఉంటే, ఆమెను ఒంటికి సరిపోయే హాఫ్ చేతుల టాప్‌లో, చున్నీ లేకుండా నిలబెట్టండి. స్లీవ్‌లెస్ అయితే ఇంకా మేలు, కానీ అందరినీ అడగలేం, అడగొద్దు కూడా. హాఫ్ చేతులైతే మోచేయి కింద చర్మం నిజంది దొరుకుతది, కల్పించాల్సిన అవసరం తగ్గుతది. జడ వెనక్కి వేయమనండి, ముందుకుంటే యంత్రం దాన్ని బట్టలో కలిపేస్తది. చేతులు ఒంటికి ఒక జానెడు దూరంగా పక్కకు దించమనండి. ఫోన్‌ను మీ మొహం ఎత్తులో కాదు, ఆమె ఛాతీ ఎత్తులో పట్టుకోండి. పై నుంచి తీస్తే భుజాలు పెద్దగా, కాళ్లు పొట్టిగా వస్తయి. దగ్గరికి పోయి వెడల్పు లెన్స్‌తో తీయొద్దు, నాలుగు అడుగులు వెనక్కి జరిగి మామూలు లెన్స్‌తో తీయండి.

కుర్తా ఫోటో మాత్రం పూర్తిగా మీ చేతిలోని పని. చానామంది హ్యాంగర్‌కు తగిలించి, చేతులు వెనక్కి మడిచి తీస్తరు. చేతి పొడవు ఫోటోలోనే లేకపోతే యంత్రం ఎక్కడి నుంచి తేవాలె? ఇస్త్రీ చేసి, సాదా గుడ్డ మీద పరిచి, రెండు చేతులు పక్కలకు చాపి, చేతి అంచు పూర్తిగా కనబడేటట్టు పై నుంచి నిటారుగా తీయండి. ఇస్త్రీ ఎందుకంటే, సంచిలో పడ్డ మడతను కూడా అది డిజైన్ అనుకుని కస్టమర్ ఒంటి మీదికి ఎత్తుకొస్తది. అడ్డంగా ఒక మడత గీత ఛాతీ మీద కనబడితే అది అక్కడిదే.

మీరు వాడే యాప్‌లో మాస్క్‌ను చేత్తో దిద్దే వీలుంటే వాడుకోండి. కొన్నిట్ల బ్రష్ ఇస్తరు. కస్టమర్ ఫుల్ చేతులు, కుర్తా పొట్టి చేతులు అయితే, మాస్క్ మణికట్టు దాకా ఉండాలె, పాత చేతికి కొంచెం బయటికి కూడా పోవాలె. పాత బట్ట రంగు ఒక్క గీతంత మిగిలినా అది దాన్ని పట్టుకుని చేయి మొత్తం గీస్తది. కస్టమర్ హాఫ్, కుర్తా ఫుల్ అయితే, అసలు చేయిని కూడా మాస్క్‌లో కలపాలె, గాజులున్న చోటు దాకా. కుర్తా ఏ రకమో అడిగే డబ్బా ఉంటే చేతుల పొడవు కూడా రాయండి. రాస్తే కొన్ని పద్ధతుల్లో సాయం చేస్తది. కానీ మాస్క్ ఒకటి చెప్పి, రాత ఇంకోటి చెప్తే చానావరకు మాస్క్ మాటే చెల్లుతది.

ఇద్దరు ముగ్గురు చీర గురించి చీటీ రాసి పంపిన్రు. చీరకు ఈ పద్ధతి ఇంకా అక్కరకు రాదనే నా అభిప్రాయం. కుర్తాను పరిస్తే కుర్తా ఆకారం కనబడ్తది, భుజం ఎక్కడ, చేయి ఎక్కడ తెలుస్తది. అయిదున్నర మీటర్ల చీరను పరిస్తే ఏం తెలుస్తది? కుచ్చిళ్లు ఎక్కడ పడాలె, కొంగు ఎంత వదలాలె, అంచు ఎటు తిరగాలె, ఇవన్నీ కట్టేవాళ్ల చేతిలో ఉన్నయి, బట్టలో లేవు. మడత పెట్టిన చీర ఫోటో ఇస్తే కొంగు డిజైన్‌ను కుచ్చిళ్లలో పరుస్తది, అంచును నడుం చుట్టూ బెల్టు లెక్క తిప్పుతది. మోడల్‌కు కట్టించి తీసిన ఫోటో ఇస్తే కొంచెం మేలు. చీర కింద వేసే బ్లౌజ్‌కు మాత్రం ఇప్పుడు చెప్పిన చేతుల లెక్కంతా పనికొస్తది.

ఇంకో చీటీ. 'కస్టమర్ ఫోటో మా ఫోన్‌లో ఉంచుకోవచ్చా?' ఆమె ఒప్పుకున్న పనికే వాడాలె, పని అయినంక తీసేయాలె. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సారం కూడా సుమారుగా అదే. షాపు స్టేటస్‌లో పెట్టుకోవడానికి వేరేగా అడగండి. ఫోటో మీ ఫోన్‌లోనే ఉంటదా, యాప్ వాళ్ల సర్వర్‌కు పోతదా అనేది కూడా చూసుకోండి, చానావరకు పోతది.

కస్టమర్‌కు బొమ్మ పంపేటప్పుడు దాని కింద రెండు లైన్లు రాయండి. కుర్తా ఛాతీ ఎన్ని ఇంచులు, చేయి పొడవు ఎన్ని ఇంచులు, ఎక్కడి నుంచి కొలిచిన్రు. 'చేయి 11 ఇంచులు, భుజం కుట్టు నుంచి' అని రాస్తే, ఆమె ఇంట్లో ఉన్న తన కుర్తా పక్కన పెట్టి కొలుచుకుంటది.

సరే, టేపు తెచ్చుకున్నవాళ్లు ఇటు రండి. ఈ ఫలితాలు ఆరు ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టినం, వాటిలో మూడింటికి చేతులు తప్పు. ఏవి తప్పో మీరే తేల్చండి.